జ్వరం పోయినా వైరస్ పోదు

కెనడాలో 'మోనో' అన్నా, బ్రిటన్‌లో 'గ్లాండ్యులర్ ఫీవర్' అన్నా ఒకటే జబ్బు. జ్వరం, మింగుడు పడనివ్వని గొంతు నొప్పి, మెడకు రెండు పక్కలా బిళ్ళలు కట్టడం, వారాల తరబడి వదలని నీరసం దీని లక్షణాలు. ఎక్కువగా పదిహేను నుంచి పాతికేళ్ళ లోపు వారికి వస్తుంది. నెల తిరిగేసరికి చాలామంది కోలుకుంటారు, ఆ తర్వాత దాని సంగతే మరచిపోతారు. దీనికి కారణమైన ఎపిస్టీన్-బార్ వైరస్ మాత్రం వారిని మరచిపోదు. అది హెర్పిస్ కుటుంబానికి చెందినది. ఆటలమ్మ వైరస్ లాగే, ఒకసారి ప్రవేశించిందంటే జీవితాంతం ఒంట్లోనే ఉంటుంది.

ప్రపంచంలో పెద్దవాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా ఈ వైరస్‌ను మోస్తున్నారు. వారిలో అత్యధికులకు దానివల్ల ఏ హానీ లేదు. అయినా, 1997లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే కారకాల మొదటి వర్గంలో చేర్చింది. ఒక్క కెనడానే తీసుకున్నా దీని రూపాలు ఎన్నో కనిపిస్తాయి. విశ్వవిద్యాలయ విద్యార్థికి ఇది నెల రోజుల జ్వరం. కాలేయ మార్పిడి జరిగిన పసివాడికి లింఫోమాగా మారగల ముప్పు. ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యుయిట్ ప్రజలకూ, వాంకూవర్, టొరాంటోలలో స్థిరపడిన దక్షిణ చైనా మూలాలవారికీ ముక్కు వెనుక గొంతులో వచ్చే క్యాన్సర్‌కు కారణం. వైరస్ ఒక్కటే అయినప్పుడు ఫలితాలు ఇంత వేరుగా ఎందుకున్నాయి? అది ఏ వయసులో సోకింది, దానికి కాపలా ఎంత గట్టిగా ఉంది, చివరికి ఏ కణంలో చిక్కుకుంది అన్న మూడు విషయాల్లో ఈ ప్రశ్నకు చాలావరకు జవాబు దొరుకుతుంది.

పొగమంచు వల్ల ఆలస్యమైన నమూనా

ఈ వైరస్ మొదట జ్వరంలో కాక క్యాన్సర్‌లో దొరికింది. ఉగాండాలో పనిచేస్తున్న శస్త్రవైద్యుడు డెనిస్ బర్కిట్, అక్కడి పిల్లల దవడల్లో వేగంగా పెరిగే ఒక వింత కణితిని గుర్తించి 1958లో వర్ణించారు. 1961లో లండన్‌లో ఆయన చేసిన ప్రసంగాన్ని విన్న ఆంథొనీ ఎపిస్టీన్‌కు దాని వెనక వైరస్ ఉండవచ్చన్న అనుమానం కలిగింది. ఉగాండా నుంచి కణితి ముక్కలు విమానంలో రావడం మొదలైంది. రెండేళ్ళకు పైగా వెదికినా ఏమీ కనబడలేదు.

1963 డిసెంబరులో ఒక నమూనాతో వస్తున్న విమానం పొగమంచు వల్ల లండన్‌లో దిగలేక మాంచెస్టర్‌కు మళ్ళింది. ఆలస్యంగా చేతికందిన సీసాలోని ద్రవం మసకగా ఉంది. బ్యాక్టీరియా చేరి పాడయిందనుకుని పారేయవలసినదే. కానీ ఎపిస్టీన్ దాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే, ఆ మసకకు కారణం బ్యాక్టీరియా కాదు, కణితి నుంచి విడివడి స్వేచ్ఛగా తేలుతున్న బతికిన కణాలు. వాటిని ఇవాన్ బార్ ప్రయోగశాలలో పెంచగలిగారు. బర్ట్ అచాంగ్‌తో కలిసి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు అందులో హెర్పిస్ జాతి రేణువులు కనిపించాయి. 1964 మార్చిలో ఆ ముగ్గురి వ్యాసం 'లాన్సెట్'లో వెలువడింది.

జ్వరంతో సంబంధం మరో నాలుగేళ్ళకు బయటపడింది. ఫిలడెల్ఫియాలో ఈ వైరస్‌పై పనిచేస్తున్న వెర్నర్, గెర్‌ట్రూడ్ హెన్లే దంపతుల ప్రయోగశాలలో ఒక ఉద్యోగిని ఉండేది. ఆమె రక్తంలో ఈ వైరస్‌కు ప్రతిరక్షకాలు లేవు. అందుకే పోలిక కోసం ఆమె రక్తాన్ని తరచు వాడుకునేవారు. 1967లో ఆమెకు గ్లాండ్యులర్ ఫీవర్ వచ్చింది. తిరిగి పనిలో చేరాక పరీక్షిస్తే ప్రతిరక్షకాలు పుష్కలంగా ఉన్నాయి. ఇతర రోగుల నిలవ రక్తంలోనూ ఇదే మార్పు కనిపించడంతో 1968లో విషయం స్థిరపడింది.

బి కణంలో కాపురం

వైరస్ లాలాజలం ద్వారా నోట్లోకి వస్తుంది. టాన్సిళ్ళలో కిక్కిరిసి ఉండే బి కణాలే దాని గమ్యం. బి కణం పని ప్రతిరక్షకాలను తయారుచేయడం. ఆ కణం పైపొర మీద సీడీ21 అనే గ్రాహకం ఉంటుంది. వైరస్ పైకవచంలోని జీపీ350 అనే ప్రోటీన్ తాళానికి తాళంచెవి లాగా దానికి అతుక్కుంటుంది. మరికొన్ని ప్రోటీన్ల సాయంతో వైరస్ లోపలికి చేరి, తన డీఎన్ఏను కేంద్రకంలో గుండ్రని ఉంగరంగా చుట్టుకుంటుంది. సాధారణంగా ఆ ఉంగరం మనిషి క్రోమోజోమ్‌లో కలిసిపోదు, విడిగానే ఉంటుంది.

మామూలుగా బి కణం పెరగాలంటే రెండు అనుమతులు కావాలి. తాను గుర్తుపట్టగల పరాయి పదార్థం ఎదురుపడాలి, టి కణం నుంచి ప్రోత్సాహక సంకేతం అందాలి. ఈ వైరస్ ఆ రెండింటినీ ఫోర్జరీ చేస్తుంది. ఎల్‌ఎంపీ-1 అనే ప్రోటీన్ టి కణం సంకేతాన్ని అనుకరిస్తే, ఎల్‌ఎంపీ-2ఏ అనేది పరాయి పదార్థం ఎదురైనట్టు భ్రమ కలిగిస్తుంది. ఆ అబద్ధపు అనుమతులతో బి కణం విభజన చెందుతుంది, దానితోపాటు వైరస్ డీఎన్ఏ కూడా రెట్టింపవుతుంది. ప్రయోగశాలలో ఈ వైరస్ సోకిన బి కణాలను గాజు పాత్రలో ఉంచితే అంతులేకుండా విభజన చెందుతూనే ఉంటాయి. ఒంట్లో అలా జరగకపోవడానికి కారణం టి కణాలు ఆ ప్రోటీన్లను గుర్తించి, పెరుగుతున్న బి కణాలను చంపేయడమే.

అందుకని వైరస్ మరో ఎత్తు వేస్తుంది. తాను చేరిన బి కణాన్ని స్మృతి కణంగా మారేదాకా నడిపించి, ఆపై తన జన్యువులన్నింటినీ దాదాపుగా మూసేస్తుంది. ప్రోటీన్ బయటపెట్టని వైరస్‌ను టి కణం పోల్చుకోలేదు. ఆరోగ్యవంతుని రక్తంలో పది లక్షల స్మృతి బి కణాలకు కొన్ని నుంచి కొన్ని పదుల కణాల్లో మాత్రమే వైరస్ ఉంటుంది. అవి విభజన చెందేటప్పుడు మాత్రం ఎబ్నా-1 అనే ఒక్క ప్రోటీన్ అవసరమవుతుంది. వైరస్ ఉంగరాన్ని మనిషి క్రోమోజోమ్‌కు ముడివేసి, కణం రెండయినప్పుడు రెండింటికీ వాటా అందేలా చూడడం దాని పని. టొరాంటో విశ్వవిద్యాలయంలో లోరీ ఫ్రాపియర్ బృందం ఈ ప్రోటీన్‌పై దీర్ఘకాలం పరిశోధించింది. ఇది కేవలం ముడివేసే దారం మాత్రమే కాదనీ, డీఎన్ఏకు దెబ్బ తగిలినప్పుడు కణాన్ని కాపాడే ఏర్పాట్లను కూడా బలహీనపరుస్తుందనీ వారు చూపారు. క్యాన్సర్ వైపు దారితీసే అంశాల్లో ఇదొకటి.

అప్పుడప్పుడు ఒక స్మృతి కణం టాన్సిల్‌లో మేలుకుని ప్రతిరక్షకాలు తయారుచేసే కణంగా మారుతుంది. అప్పుడు వైరస్ కూడా మేలుకుని సంతతిని వదులుతుంది. అది గొంతు పైపొర కణాల్లో మరింత పెరిగి లాలాజలంలోకి చేరుతుంది. పూర్తి ఆరోగ్యంగా ఉన్నవారు కూడా జీవితాంతం అప్పుడప్పుడు ఇలా వైరస్‌ను వదులుతూ ఉంటారు. అందుకే మోనో వచ్చిన విద్యార్థికి అది ఎవరి నుంచి సోకిందో చెప్పడం చాలాసార్లు సాధ్యం కాదు. రోగిని ఇంట్లో వేరుగా ఉంచడం వల్ల పెద్దగా ఒరిగేదీ లేదు.

తెనాలిలో తెలియకుండా, టొరాంటోలో జ్వరంతో

ఇండియాలో చాలామంది పిల్లలకు ఈ వైరస్ బడికి వెళ్ళే వయసు లోపే సోకుతుంది. అమ్మమ్మ నమిలి పెట్టిన ముద్ద, అన్నదమ్ములు పంచుకున్న గ్లాసు చాలు. ఆ వయసులో అది మామూలు జలుబులాగా వచ్చి పోతుంది, లేదా వచ్చినట్టే తెలియదు. అందుకే ఆంధ్ర, తెలంగాణలలో పెరిగిన తల్లిదండ్రులకు ఈ జబ్బు పేరు కూడా కొత్త. కెనడాలో చిన్న కుటుంబంలో పెరిగిన పిల్లలకు ఇది యౌవనం దాకా సోకకపోవచ్చు. అప్పుడు సోకితే చాలామందిలో మోనోగా బయటపడుతుంది.

టొరాంటోలో పుట్టి పెరిగిన పంతొమ్మిదేళ్ళ తెలుగమ్మాయిని ఊహించుకుందాం. ఆమెకు సెప్టెంబరు మొదట్లో వైరస్ సోకింది. నాలుగు నుంచి ఆరు వారాల దాకా ఏమీ తెలియదు. ఆ వ్యవధిలో వైరస్ బి కణాల్లో పెరుగుతూ ఉంటుంది. అక్టోబరు మధ్యకు టి కణాలు దండెత్తుతాయి. జ్వరం, బిళ్ళలు, నీరసం మొదలవుతాయి. అంటే ఆమె అనుభవిస్తున్నది వైరస్ చేసిన నష్టం కన్నా, దానిపై ఒంట్లో జరుగుతున్న యుద్ధం. రక్తపు చుక్కను సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు కనిపించే పెద్ద పెద్ద వికృత లింఫోసైట్లు వైరస్ సోకిన కణాలు కావు, వాటిని చంపడానికి వచ్చిన టి కణాలు. 'మోనోన్యూక్లియోసిస్' అన్న పేరు వాటి వల్లే వచ్చింది. పసిపిల్లల్లో ఈ యుద్ధం ఇంత తీవ్రంగా జరగదు కనుకనే వారికి జబ్బు తెలియదు.

ఆమె క్లినిక్‌కు వెళితే టాన్సిళ్ళపై తెల్లని పొర చూసి బ్యాక్టీరియా గొంతునొప్పిగా పొరబడి అమాక్సిసిలిన్ ఇవ్వవచ్చు. నాలుగైదు రోజుల్లో ఒళ్ళంతా ఎర్రని దద్దు లేస్తుంది. ఇది చాలావరకు మోనోలో ఆ మందుకు వచ్చే ప్రత్యేకమైన ప్రతిస్పందన. దాన్ని పెన్సిలిన్ అలర్జీగా రికార్డులో రాస్తే, ఆ ముద్ర ఆమెను జీవితాంతం వెంటాడి, అవసరమైనప్పుడు మంచి మందును దూరం చేస్తుంది. కోలుకున్నాక అలర్జీ నిపుణుడి చేత నిర్ధారించుకోవడం మేలు.

మోనోస్పాట్ అనే త్వరిత పరీక్ష మొదటి వారంలో నలుగురిలో ఒకరికి తప్పుగా 'లేదు' అని చూపవచ్చు. అనుమానం బలంగా ఉంటే వైరస్ ప్రతిరక్షకాల పరీక్ష చేయాలి. దాన్ని చదివే పద్ధతి తేలికే. వైరస్ పైతొడుగుకు వ్యతిరేకంగా ఐజీఎమ్ ప్రతిరక్షకాలు ఉండి, ఎబ్నాకు వ్యతిరేకంగా ప్రతిరక్షకాలు ఇంకా లేకపోతే, అది కొత్తగా సోకిన వ్యాధి. ఎబ్నా ప్రతిరక్షకాలు తయారుకావడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది, ఆ తర్వాత జీవితాంతం ఉంటాయి. కనుక అవి కనబడ్డాయంటే వైరస్ పాతది, ఇప్పటి జ్వరానికి కారణం వేరే వెదకాలి. నలభై ఏళ్ళ వ్యక్తి 'ఈబీవీ ఐజీజీ పాజిటివ్' అన్న కాగితం పట్టుకుని కంగారు పడితే, ఆ కాగితం చెబుతున్నది ఆయన కూడా ఆ తొంభై శాతంలో ఒకడని మాత్రమే.

మందుగా కావలసింది విశ్రాంతి, నీళ్ళు, నొప్పి మాత్రలు. వైరస్ మందులు లాలాజలంలో వైరస్‌ను తగ్గిస్తాయి గాని జబ్బును కుదించవు. టాన్సిళ్ళు ఉబ్బి ఊపిరికి అడ్డం వచ్చినప్పుడు మాత్రం స్టెరాయిడ్లు వాడతారు. జాగ్రత్త పడవలసింది ప్లీహం విషయంలో. అది వాచి, పలచబడి ఉంటుంది. పగలడం అరుదు, వెయ్యిమందిలో ఒకరి నుంచి అయిదుగురి దాకా అని అంచనా. ఎక్కువగా మొదటి మూడు వారాల్లోనే జరుగుతుంది. అందుకే కనీసం ఆ మూడు వారాలైనా హాకీ వంటి ఆటలూ, బరువులెత్తడమూ మానాలి. ఎడమ డొక్కలో హఠాత్తుగా నొప్పి వచ్చి ఎడమ భుజంలోకి పాకితే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

మోనో తర్వాత లింఫోమా వస్తుందా?

మోనో గురించి ఇంటర్నెట్‌లో వెదికిన ప్రతి తల్లికీ తండ్రికీ ఎదురయ్యే ప్రశ్న ఇది. దీనికి స్పష్టమైన సమాధానం డెన్మార్క్, స్వీడన్‌ల రికార్డుల నుంచి 2003లో వచ్చింది. మోనో నిర్ధారణ అయినవారిని ఏళ్ళ తరబడి గమనిస్తే, వైరస్ ఉన్న రకం హాడ్జ్‌కిన్ లింఫోమా వారిలో ఇతరులకన్నా సుమారు నాలుగు రెట్లు ఎక్కువగా కనిపించింది. వైరస్ లేని రకం విషయంలో అటువంటి పెరుగుదల తేలలేదు. జ్వరానికీ లింఫోమాకూ మధ్య వ్యవధి సుమారు నాలుగేళ్ళు. 'నాలుగు రెట్లు' అన్న మాట భయపెడుతుంది గాని అసలు సంఖ్య చిన్నది. మోనో వచ్చిన వెయ్యిమందిలో ఈ లింఫోమా వచ్చేది ఒక్కరికి.

ఆ ఒక్కరిలో ఏం జరుగుతుంది? లింఫ్ గ్రంథుల్లో బి కణాలు తమ ప్రతిరక్షకాన్ని మెరుగుపరచుకోవడానికి ఆ జన్యువులను కావాలనే మార్చుకుంటూ ఉంటాయి. మార్పు బెడిసికొట్టి, పనికిరాని గ్రాహకం తయారైతే ఆ కణం చచ్చిపోవాలి. కానీ లోపల వైరస్ ఉంటే, ఎల్‌ఎంపీ-2ఏ పంపే అబద్ధపు సంకేతం ఆ అవిటి కణాన్ని బతికించగలదు. చావవలసిన కణం బతికి, మరిన్ని జన్యు లోపాలు పోగేసుకుంటే లింఫోమా కణంగా మారే వీలుంది. వైరస్ ఒక్కటే ఇందుకు చాలదు. బర్కిట్ లింఫోమాలోనైతే మిక్ అనే జన్యువు స్థానం తప్పి వేరే క్రోమోజోమ్ మీదకు చేరడం తప్పనిసరి. ఆఫ్రికాలో పదే పదే వచ్చే మలేరియా ఆ ప్రమాదాన్ని పెంచుతుంది.

మోనోలో కట్టిన బిళ్ళలు సాధారణంగా రెండు మూడు వారాల్లో తగ్గుముఖం పడతాయి. ఆరు వారాలు దాటినా తగ్గకుండా పెరుగుతున్న బిళ్ళ, మెడ ఎముకకు పైన గుంటలో కట్టిన బిళ్ళ, రాత్రి బట్టలు తడిసేంత చెమట, ఆరు నెలల్లో పదో వంతు బరువు తగ్గడం కనిపిస్తే వాటిని 'పాత మోనోయే' అని సరిపెట్టుకోకూడదు. అందుకు విరుద్ధమైన పొరపాటు కూడా ఉంది. మోనో తీవ్రంగా ఉన్న రోజుల్లోనే తొందరపడి గ్రంథిని కోసి పరీక్షకు పంపితే, అందులో హాడ్జ్‌కిన్ కణాలను పోలిన పెద్ద కణాలు కనిపిస్తాయి. ఇటీవలి జ్వరం సంగతీ, ప్రతిరక్షకాల ఫలితాలూ చెప్పకపోతే పాథాలజిస్టు కూడా మోసపోయే అవకాశముంది.

కాపలా తగ్గినప్పుడు

టి కణాల కాపలా ఎంత ముఖ్యమో అవయవ మార్పిడి రోగుల్లో తెలుస్తుంది. రెండేళ్ళ బిడ్డకు తండ్రి కాలేయంలో ఒక భాగాన్ని అమర్చారనుకుందాం. బిడ్డకు వైరస్ ఇంకా సోకలేదు, తండ్రి ఎప్పటి నుంచో మోస్తున్నాడు. కాలేయంతోపాటు తండ్రి స్మృతి బి కణాలు కొన్ని, వాటిలోని వైరస్‌తో సహా, బిడ్డలోకి వస్తాయి. కొత్త కాలేయాన్ని తిరస్కరించకుండా ఇచ్చే టాక్రోలిమస్ వంటి మందులు బిడ్డ టి కణాలను అణచి ఉంచుతాయి. అంటే గాజుపాత్రలో బి కణాలకు దొరికిన స్వేచ్ఛ వంటిదే ఇక్కడా దొరుకుతుంది. ఇలా వచ్చే లింఫోమా తరహా వ్యాధిని సంక్షిప్తంగా పీటీఎల్‌డీ అంటారు.

అందువల్ల మార్పిడికి ముందే దాతకూ గ్రహీతకూ వైరస్ పరీక్ష చేస్తారు. ఏడాదిలోపు పసివారిలో పరీక్ష పాజిటివ్ వచ్చినా నమ్మడానికి లేదు, అవి తల్లి నుంచి అందిన ప్రతిరక్షకాలు కావచ్చు. దాతకు ఉండి గ్రహీతకు లేని జంటలకు ముప్పు అత్యధికం. మార్పిడి తర్వాత నెలల తరబడి రక్తంలో వైరస్ డీఎన్ఏను పీసీఆర్‌తో కొలుస్తారు. ఇక్కడ చాలాకాలం ఒక చిక్కు ఉండేది. ఎడ్మంటన్‌లోని అల్బర్టా విశ్వవిద్యాలయానికి చెందిన యూటా ప్రైక్‌సైటిస్ నేతృత్వంలో కెనడా, అమెరికా, ఐరోపాలలోని ప్రయోగశాలలకు ఒకే నమూనాలను పంపి ఫలితాలను పోల్చారు. 2009లో ప్రచురించిన ఆ ఫలితాల్లో ఒకే నమూనాకు వచ్చిన అంకెల మధ్య వంద రెట్లకు మించిన తేడాలు కనబడ్డాయి. ఒక నగరంలో చికిత్స మొదలుపెట్టవలసిన అంకె మరో నగరంలో నిశ్చింతగా ఉండదగినదన్నమాట. ఆ తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక ప్రామాణిక నమూనాను ఆమోదించింది. ఇప్పటికీ ఒక్క అంకెను బట్టి కాక, ఒకే ప్రయోగశాలలో వారం వారం అది ఎలా మారుతున్నదో చూసి నిర్ణయించడమే సరైన పద్ధతి.

అంకె పెరుగుతూ పోయినా, జ్వరం, బిళ్ళలు, మలంలో రక్తం వంటివి కనిపించినా ముందుగా అణచివేత మందులను తగ్గిస్తారు. కాపలాదారులను తిరిగి పనిలోకి పంపడమే మొదటి చికిత్స. దీనితోనే కొందరిలో కణితి కరిగిపోతుంది. అయితే మరీ తగ్గిస్తే కొత్త కాలేయాన్ని శరీరం తిరస్కరించవచ్చు. చాలకపోతే బి కణాలను నిర్మూలించే రిటుక్సిమాబ్ ఇస్తారు. అది కూడా చాలనివారికి, వేరే దాతల నుంచి తీసి ఈ వైరస్‌ను గుర్తించేలా ప్రయోగశాలలో పెంచిన టి కణాలను ఎక్కించే పద్ధతి ఉంది. అటువంటి కణాల ఔషధానికి ఐరోపాలో 2022 డిసెంబరులో అనుమతి లభించింది.

ముక్కు వెనుక గొంతులో

లింఫోమా వైరస్ సొంత ఇంట్లో జరిగే ప్రమాదం. గొంతు క్యాన్సర్ అది పొరుగింట్లో చిక్కుకోవడం వల్ల వచ్చేది. ఇక్కడ గొంతు అంటే స్వరపేటిక కాదు, ముక్కు రంధ్రాల వెనుక, అంగిలికి పైన, అద్దంలో చూసుకున్నా కనబడని చోటు. వైద్యులు దాన్ని నాసాగ్రసని అంటారు. పొగాకు వల్ల వచ్చే నోటి క్యాన్సర్‌తోనూ, హెచ్‌పీవీ వైరస్ వల్ల వచ్చే టాన్సిల్ క్యాన్సర్‌తోనూ దీన్ని కలపకూడదు.

ఎడ్మంటన్‌లోని చార్ల్స్ కామ్‌సెల్ ఆసుపత్రిలో ఆటో షేఫర్ అనే వైద్యుడు ఆర్కిటిక్ ప్రజలకు దశాబ్దాల పాటు సేవచేశారు. 1950 నుంచి రెండు దశాబ్దాలకు పైగా కెనడా ఇన్యుయిట్లలో వచ్చిన క్యాన్సర్ల తీరును ఆయన, సహచరులు 1975లో కెనడా వైద్య సంఘం పత్రికలో ప్రకటించారు. దక్షిణాది కెనడాలో అరుదైన లాలాజల గ్రంథుల క్యాన్సర్, నాసాగ్రసని క్యాన్సర్ వారిలో ఎక్కువగా ఉన్నట్టు కనిపించింది. అలాస్కా, గ్రీన్‌లాండ్ ఇన్యుయిట్లలోనూ అదే తీరు. తర్వాతి పరిశోధనల్లో ఆ రెండు కణితుల్లోనూ ఈ వైరసే కనబడింది. ప్రపంచంలో ఈ క్యాన్సర్ అధికంగా ఉన్న మరో ప్రాంతం దక్షిణ చైనా, ముఖ్యంగా కాంటన్ పరిసరాలు. అక్కడి నుంచి ఉత్తర అమెరికాకు వలస వచ్చినవారిలో ముప్పు ఎక్కువగానే ఉంటుంది. ఇక్కడే పుట్టిన వారి పిల్లల్లో తగ్గుతుంది గాని, చుట్టూ ఉన్న తెల్లవారి స్థాయికి దిగదు. తగ్గిన భాగం పరిసరాల ప్రభావాన్నీ, తగ్గని భాగం చాలావరకు వంశపారంపర్యాన్నీ సూచిస్తాయి. చిన్నతనం నుంచి తినే చైనా పద్ధతి ఉప్పుచేప ఆ పరిసరాల కారణాల్లో రుజువైనది. ఇండియాలో ఈ క్యాన్సర్ నాగాలాండ్ వంటి ఈశాన్య ప్రాంతాల్లో ఎక్కువ, తెలుగునాట అరుదు.

ఈ కణితిలో వైరస్ తర్వాత వచ్చి చేరిన అతిథి కాదని చెప్పడానికి ఒక చక్కని రుజువుంది. వైరస్ డీఎన్ఏ చివరల్లో ఒకే వరుస పలుమార్లు పునరావృతమవుతుంది. ఉంగరంగా చుట్టుకునేటప్పుడు ఎన్ని వరుసలు మిగులుతాయన్నది ఒక్కో కణంలో ఒక్కో విధంగా ఉంటుంది. వైరస్ ఆలస్యంగా వచ్చి ఉంటే కణితిలోని వేర్వేరు కణాల్లో వేర్వేరు సంఖ్యలు కనబడాలి. కానీ ఒక రోగి కణితిలోని కణాలన్నింటిలో ఒకే సంఖ్య ఉంటుంది. అంటే వైరస్ సోకిన ఒక్క కణం నుంచే ఆ కణితి అంతా పుట్టింది. ఆరోగ్యకరమైన పైపొర కణంలో వైరస్ పెరిగి కణాన్ని చంపి బయటపడుతుంది. అప్పటికే జన్యువులు దెబ్బతిన్న కణంలో మాత్రం అది బయటపడలేక నిద్రాణంగా చిక్కుకుంటుంది. తనకు అలవాటైన పెరుగుదల సంకేతాలను అక్కడా పంపుతుంది.

ఈ క్యాన్సర్ ఆలస్యంగా బయటపడడమే పెద్ద సమస్య. చాలామందికి మొదట కనిపించేది మెడలో నొప్పిలేని గడ్డ, అంటే అప్పటికే వ్యాధి పాకిందన్నమాట. పెద్దవాళ్ళలో ఒక్క చెవిలోనే నీరు చేరి వినికిడి తగ్గి, వారాలు గడిచినా తగ్గకపోతే ముక్కు వెనుక ఎండోస్కోపీతో చూడవలసిందే. ఒకే పక్క ముక్కు దిబ్బడ, ఉదయం కాండ్రించినప్పుడు రక్తపు చార కూడా గమనించదగినవి. తొలిదశలో రేడియేషన్‌తో అత్యధికులకు నయమవుతుంది.

తొలిదశలో పట్టుకోవడానికి హాంకాంగ్‌లో చేసిన ప్రయత్నం 2017లో వెలువడింది. లక్షణాలేవీ లేని 20,174 మంది మగవారి ప్లాస్మాలో వైరస్ డీఎన్ఏ కోసం వెదికారు. 1,112 మందిలో కనబడింది. నాలుగు వారాల తర్వాత మళ్ళీ చూస్తే 309 మందిలోనే మిగిలింది. వారిని ఎండోస్కోపీ, ఎమ్మారైలతో పరీక్షించగా 34 మందిలో క్యాన్సర్ దొరికింది. వారిలో నూటికి 71 మంది మొదటి రెండు దశల్లోనే ఉన్నారు. మామూలుగా అక్కడ ఆ దశల్లో దొరికేది నూటికి 20 మంది. పరీక్ష గొప్పదే. కానీ ఈ క్యాన్సర్ ఎక్కువగా ఉన్న హాంకాంగ్‌లోనే రెండుసార్లు పాజిటివ్ అయిన తొమ్మిదిమందిలో ఒకరికే వ్యాధి ఉంది. అది అరుదైన తెలుగువారిలో అదే పరీక్ష చేస్తే, పాజిటివ్‌లలో దాదాపు అన్నీ ఉత్త భయాలే అవుతాయి. ఇన్యుయిట్, దక్షిణ చైనా మూలాలవారికి, ముఖ్యంగా దగ్గరి బంధువుల్లో ఈ క్యాన్సర్ ఉన్నవారికి మాత్రం దీని లెక్క వేరు.

టీకా ఏం చేయగలదు?

ఇప్పటికి అనుమతి పొందిన టీకా లేదు. 2007లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, వైరస్ సోకని 181 మంది యువకులపై జీపీ350తో చేసిన టీకాను పరీక్షించారు. మోనో జ్వరం 78 శాతం తగ్గింది. వైరస్ సోకడం మాత్రం తగ్గలేదు. ఈ రెండు వాక్యాల మధ్య ఉన్న ఖాళీలోనే అసలు చిక్కుంది. పరీక్షల ముందు జ్వరంతో మంచాన పడే విద్యార్థికి అది మంచి టీకాయే. కానీ వైరస్ స్మృతి కణాల్లో కాపురం పెట్టాక, లింఫోమానూ గొంతు క్యాన్సర్‌నూ ఆ టీకా తగ్గిస్తుందా అన్నది ఆ ప్రయోగం చెప్పలేదు. క్యాన్సర్ రావడానికి ఏళ్ళూ దశాబ్దాలూ పడుతుంది కనుక చిన్న ప్రయోగాలు చెప్పనూ లేవు. తొలి ఫలితం మార్పిడికి ఎదురుచూస్తున్న, వైరస్ ఇంకా సోకని పిల్లల్లో తెలియవచ్చు. వారిలో ముప్పు ఎక్కువ, అది బయటపడే వ్యవధి తక్కువ. మొదటి ముట్టడి తీవ్రతను తగ్గించినా వారికి ప్రాణరక్షణ అవుతుంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ 2022లో జీపీ350నే సూక్ష్మ రేణువులపై అమర్చిన మరో టీకాను మనుషులపై పరీక్షించడం ప్రారంభించింది.